హైజంప్‌లో వక్ర పరుగు, టేకాఫ్: తొలి అభ్యాసకుల బోధనాక్రమం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఫాస్‌బరీ ఫ్లాప్ పద్ధతిలో హైజంప్ నేర్పేటప్పుడు బోధకుని దృష్టి సాధారణంగా బారు మీద వీపు వంగే భంగిమపై నిలుస్తుంది. ఆ భంగిమకు కావలసిన భ్రమణం మాత్రం గాలిలో పుట్టదు. వక్ర పరుగులోని చివరి అడుగులలో, నేల మీదనే సమకూరుతుంది. బారు ఎత్తును తొందరపడి పెంచితే మొదట చెడేది ఆ వక్రమే. ఈ వ్యాసం వలయాన్ని మైదానంలో గీసే విధానాన్ని, టేకాఫ్ నేర్పే క్రమాన్ని, మెత్తని పడక, బారు ఎత్తుల విషయంలో పాటించవలసిన హద్దులను ఒక ఉదాహరణ ఆధారంగా వివరిస్తుంది.

కీలకపదాలు: హైజంప్, ఫాస్‌బరీ ఫ్లాప్, వక్ర పరుగు, టేకాఫ్, కత్తెర దూకుడు, ల్యాండింగ్ మ్యాట్, వ్యాయామవిద్య.

1. ఉపోద్ఘాతం

1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికా క్రీడాకారుడు డిక్ ఫాస్‌బరీ 2.24 మీటర్లు దాటి స్వర్ణపతకం సాధించిన తరువాత, బారును వీపుతో దాటే పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. ఈ చరిత్రలో బోధకులకు ఉపయోగపడే అంశాలు రెండు ఉన్నాయి. మొదటిది, ఫాస్‌బరీ ఈ పద్ధతిని ఒక్కసారిగా కనిపెట్టలేదు. పాఠశాల రోజులలో పాత కత్తెర దూకుడును ఆశ్రయించి, నడుమును బారు మీదుగా తప్పించే ప్రయత్నంలో క్రమంగా వెనక్కు వాలుతూ ఈ రూపానికి చేరుకున్నాడు. రెండవది, ఇసుక, రంపపుపొట్టు గుంతల స్థానంలో స్పాంజి పరుపులు రావడం వల్లనే వీపు మీద పడడం సాధ్యమైంది. అంటే ఫ్లాప్‌కు కత్తెర దూకుడు పూర్వరూపం, మెత్తని పడక ముందస్తు షరతు. మన కళాశాల మైదానాలలో చాలాచోట్ల ఈ రెండింటినీ పక్కనపెట్టి, మొదటి రోజే విద్యార్థిని బారు ముందు నిలబెట్టి “వెనక్కు పడు” అనడం కనిపిస్తుంది.

ఈ వ్యాసంలో ఎడమకాలితో ఎగిరే విద్యార్థిని ప్రమాణంగా తీసుకోవడం జరిగింది. అటువంటి విద్యార్థి బారుకు ఎదురుగా నిలబడినప్పుడు కుడివైపు నుండి పరుగు ప్రారంభించి, ఎడమవైపుకు తిరుగుతూ వస్తాడు. కుడికాలితో ఎగిరేవారికి ఇక్కడ చెప్పినదంతా అద్దంలోని ప్రతిబింబంలా తారుమారవుతుంది.

2. వక్రం చేసే పని

వలయం మీద పరుగెత్తే మనిషి వలయకేంద్రం వైపు వాలక తప్పదు. హైజంప్‌లో ఆ కేంద్రం బారుకు ఇవతల, మైదానంలో ఉంటుంది. కాబట్టి చివరి అడుగులలో శరీరం బారుకు దూరంగా వాలి ఉంటుంది. టేకాఫ్ పాదం నేలను తాకిన క్షణం నుండి విడిచే క్షణం వరకు ఉండే వ్యవధి సెకనులో ఐదోవంతుకు మించదు. అంత స్వల్పకాలంలో ఈ వాలు తగ్గి శరీరం నిటారు స్థితికి చేరుతుంది. నేలను విడిచిన తరువాత కూడా ఆ తిరుగుడు ఆగదు. అదే కొనసాగి శరీరాన్ని బారు మీద పరుండబెడుతుంది. జెసుస్ దపేనా జీవయాంత్రిక పరిశోధనలు వక్ర పరుగుకు గల ఈ పాత్రను స్పష్టపరచాయి.

దీనికి విపర్యయాన్ని ఆలోచిస్తే విషయం మరింత తేటపడుతుంది. విద్యార్థి తిన్నగా పరుగెత్తి వచ్చి నిటారుగా పాదం మోపాడనుకుందాం. బారు మీద తిరగడానికి కావలసిన భ్రమణం అతని వద్ద తగినంత లేదు. దానిని సంపాదించడానికి అతడు నేల మీద ఉండగానే భుజాన్ని బారు వైపు వాల్చవలసి వస్తుంది. అప్పుడు కాలు ఇచ్చే తోపులో కొంత భాగం పైకి పోవడానికి బదులు పక్కకు పోతుంది. భ్రమణం దక్కుతుంది గాని ఎత్తు పోతుంది. వక్రం మీద వచ్చినవాడికి ఈ రెండింటిలో ఒకదానిని వదులుకోవలసిన అవసరం ఉండదు. పైగా వాలిన శరీరంలో గురుత్వకేంద్రం కొంత కిందికి దిగి ఉంటుంది కనుక మోకాళ్లను అతిగా వంచకుండానే పైకి తోసుకునే దూరం లభిస్తుంది.

వాలు ఎంత ఉంటుందన్నది పరుగు వేగం, వలయ వ్యాసార్ధాల మీద ఆధారపడుతుంది:

tan θ = v² / (g r)

వ్యాసార్ధం 7 మీటర్లయితే సెకనుకు 4 మీటర్ల వేగంతో సుమారు 13 డిగ్రీలు, 5 మీటర్ల వేగంతో 20 డిగ్రీలు, 6 మీటర్ల వేగంతో 28 డిగ్రీల వాలు ఏర్పడుతుంది. అదే 5 మీటర్ల వేగంతో 4 మీటర్ల వ్యాసార్ధం గల ఇరుకు వలయంలో పరుగెత్తితే వాలు 32 డిగ్రీలు దాటుతుంది. తొలి అభ్యాసకుడు దానిని మోయలేడు. రెండడుగులు వాలి, మూడో అడుగులో వలయం వదిలి తిన్నగా పోతాడు. ఈ సూత్రం మరొక విషయాన్ని కూడా చెబుతుంది. tan θ విలువ పాదానికీ నేలకూ మధ్య ఉండవలసిన ఘర్షణ గుణకానికి సమానం. 7 మీటర్ల వలయానికి అది 0.36 అయితే, 4 మీటర్ల వలయానికి 0.64 కావాలి. మంచుకు తడిసిన గడ్డి మీద రెండోది ఆశించలేము. ఉదయపు తరగతులలో కాళ్లు జారడానికి ‘అజాగ్రత్త’ అని పేరు పెట్టేముందు వలయం ఎంత ఇరుకుగా ఉందో చూడవలసి ఉంటుంది.

3. వలయాన్ని నేల మీదకు తేవడం

“కొంచెం వంపుగా రా” అనే మాట విద్యార్థికి ఏమీ చెప్పదు. వలయాన్ని సున్నంతో గీసి చూపాలి. కావలసినవి ఒక మేకు, 7 మీటర్ల తాడు, కొలటేపు, కొంత ముగ్గుపిండి మాత్రమే.

బారు పొడవు 4 మీటర్లు. పరుగు వచ్చే కుడివైపు స్తంభాన్ని దగ్గరి స్తంభమని, ఎడమవైపు దానిని దూరపు స్తంభమని అందాం. దూరపు స్తంభం నుండి బారు రేఖ వెంబడే మరో 80 సెంటీమీటర్లు బయటకు కొలిచి, అక్కడి నుండి లంబంగా మైదానంలోకి 6.5 మీటర్లు వచ్చి మేకు దిగగొట్టాలి. ఇది వలయకేంద్రం. మేకుకు తాడు కట్టి గీసిన రేఖ ఒకచోట దగ్గరి స్తంభానికి 80 సెంటీమీటర్లు లోపలికి, బారుకు 80 సెంటీమీటర్లు ఇవతలకు చేరుతుంది. అది టేకాఫ్ గుర్తు. మరొక కొస దగ్గరి స్తంభానికి 2.2 మీటర్లు కుడివైపు బయట, బారు రేఖకు 6.5 మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ వక్రం మొదలవుతుంది. ఈ రెండు గుర్తుల నడుమ వంపు వెంబడి దూరం సుమారు 6.7 మీటర్లు. టేకాఫ్ వద్ద పరుగు దిశ బారుతో దాదాపు 35 డిగ్రీల కోణం చేస్తుంది. అభ్యాసం మొదలుపెట్టేముందు మేకును తప్పక పీకివేయాలి.

6.7 మీటర్లలో ఐదు అడుగులు పడితే ఒక్కొక్కటి 1.34 మీటర్లవుతుంది. ఇది తొలి అభ్యాసకులకు అందుబాటులో ఉండే అంగ. పొడవైన విద్యార్థులకు వ్యాసార్ధాన్ని 8 మీటర్లకు పెంచి కేంద్రాన్ని తిరిగి లెక్కించుకోవచ్చు. ఐదో అడుగున ఎడమపాదం టేకాఫ్ గుర్తు మీద పడాలంటే, వక్రారంభపు గుర్తు మీద కుడిపాదం పడాలి. వలయానికి బయటివైపు ఉండే కాలు కుడికాలే కనుక, శరీరాన్ని వంపులోకి నెట్టే పని దానికి సహజంగా అమరుతుంది. ఈ గుర్తుకు వెనుక మూడు అడుగుల తిన్నని పరుగు చేర్చితే మొత్తం ఎనిమిది అడుగులవుతుంది. మొదటి కొన్ని వారాలకు ఇది చాలు.

బారు, స్తంభాలు లేకుండా ఇదే 7 మీటర్ల వలయాన్ని పూర్తిగా గీసి దాని మీద పరుగెత్తించడంతో పాఠం మొదలుకావాలి. గమనించవలసినది ఒకటే. వాలు చీలమండ నుండి తల వరకు ఒకే గీతగా ఉండాలి. నడుము దగ్గర విరిగి, తల మాత్రమే లోపలికి వంగితే అది వాలు కాదు. పక్కనుండి చూస్తే ఈ తేడా తెలియదు. బోధకుడు పరుగెత్తి వచ్చే విద్యార్థికి ఎదురుగా, వలయరేఖ మీదనే నిలబడి చూడాలి.

4. టేకాఫ్

టేకాఫ్ కాలు బారుకు దూరంగా ఉండే కాలు. వలయానికి లోపలి కాలు కూడా అదే. కత్తెర దూకుడులోనూ ఎగిరే కాలు ఇదే కావడం వల్ల ఆ పద్ధతి ఫ్లాప్‌కు సహజమైన మెట్టుగా నిలుస్తుంది. కడుపు బారు వైపు తిప్పి దాటే స్ట్రాడిల్‌లో బారుకు దగ్గరి కాలితో ఎగరాలి కనుక దానికి ఈ ప్రయోజనం లేదు.

వలయం మీద పరుగెత్తుతూ ప్రతి మూడో అడుగుకు ఎడమకాలితో పైకి ఎగిరి, తిరిగి కాళ్ల మీదే దిగి, పరుగు కొనసాగించే అభ్యాసం ఈ దశలో అన్నిటికంటే ఉపయోగకరమని నా అభిప్రాయం. ఇందులో పడడం లేదు కనుక భయం లేదు. చివరి రెండడుగుల లయ ఇక్కడే నేర్పవచ్చు. చివరి ముందు అడుగు కొంచెం సాగి, శరీరం కొద్దిగా దిగుతుంది. చివరి అడుగు పొట్టిగా, త్వరగా పడుతుంది. విద్యార్థులకు ఇది మాటలతో కంటే చప్పట్లతో త్వరగా అందుతుంది. సమంగా కొడుతున్న చప్పట్లలో ఆఖరి రెండూ దగ్గరగా పడితే చాలు. పాదం శరీరానికి కొంత ముందుగా మోపబడి, కుడిమోకాలు తొడ నేలకు సమాంతరమయ్యే వరకు పైకి లేచి, అక్కడ ఒక క్షణం నిలవాలి. చేతులు రెండూ భుజాలకు పైకి రావాలి.

ఇక్కడ పాదం చూపే దిశ గాయాలకు సంబంధించిన విషయం. వీపు తిప్పాలన్న ఆత్రుతతో విద్యార్థి ముందుగానే పాదాన్ని బారుకు సమాంతరంగా, అంటే పరుగు దిశకు అడ్డంగా తిప్పి మోపుతాడు. అప్పుడు శరీరభారం పాదం లోపలి అంచు మీద పడి, చీలమండ లోపలివైపు స్నాయువులు సాగుతాయి. పాదం పరుగు దిశలోనే ఉండాలి. పైన గీసిన వలయంలో అది స్థూలంగా పరుపు ఎడమవైపు వెనుక మూలను చూస్తుంది. వీపు తిరగడం మోకాలి విసురు వల్ల గాలిలో జరగనివ్వాలి. టేకాఫ్ గుర్తు చుట్టూ పలుచగా ముగ్గుపిండి చల్లితే పాదముద్ర దిశ ప్రతి దూకుడుకూ కనిపిస్తుంది.

5. మెత్తని పడక

పడక విషయంలో రాజీ ఎందుకు కుదరదో ఒక చిన్న లెక్క చెబుతుంది. పడిన ఎత్తును ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే, శరీరం మీద కలిగే సగటు ఋణత్వరణం గురుత్వ త్వరణానికి ఎన్ని రెట్లో తెలుస్తుంది. 1.30 మీటర్ల ఎత్తు నుండి 70 సెంటీమీటర్ల మందం గల పరుపు మీద పడితే పతనం 60 సెంటీమీటర్లు. పరుపు 30 సెంటీమీటర్లు నొక్కుకుంటే నిష్పత్తి 2. అదే ఎత్తు నుండి నేలమట్టంగా ఉన్న ఇసుక మీద పడి, ఇసుక 5 సెంటీమీటర్లు మాత్రమే దిగితే నిష్పత్తి 26. ఇది స్థూలమైన అంచనాయే. కాళ్ల మీద పడేవాడికి మోకాళ్లు వంచి ఆ దూరాన్ని పెంచుకునే వీలుంది. వీపు, మెడ మీద పడేవాడికి ఆ వీలు లేదు. కనుక ఇసుక గుంత మాత్రమే ఉన్న కళాశాలలో కత్తెర దూకుడు వరకే నేర్పాలి. అక్కడ కూడా తక్కువ ఎత్తుకే పరిమితం కావాలి. వలయ పరుగును, టేకాఫ్‌ను పూర్తిగా నేర్పడానికి అది అడ్డు కాదు.

అంతర్జాతీయ నియమావళి ఉన్నతస్థాయి పోటీలకు పరుపు 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 0.7 మీటర్ల ఎత్తుకు తగ్గరాదని చెబుతుంది. ఇతర పోటీలకు కనీసం 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉండాలని సూచిస్తుంది. స్తంభాలకూ పరుపుకూ మధ్య కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. మన దగ్గర తరచు కనిపించేది వేరు. పాత జిమ్నాస్టిక్స్ పరుపులను పక్కపక్కన పేర్చి పని కానిస్తారు. నేను చూసిన ఒక శిక్షణలో అలా పేర్చిన రెండు పరుపులు దూకుడు దూకుడుకూ కొంచెం కొంచెం జరిగి, చివరకు ఒక విద్యార్థి భుజం ఆ సందులో దిగింది. కాలరు ఎముక విరిగింది. ఆ రోజు బారు ఎత్తు 1.10 మీటర్లే. ముక్కలను బెల్టులతో బిగించి, పైన ఒకే కప్పు వేయాలి. ప్రతిరోజు ఒక పెద్దమనిషి పరుపు మీద పలుచోట్ల మోకాళ్ల మీద పడి చూడాలి. అడుగు నేల ఎక్కడైనా తగిలితే ఆ పరుపు ఫ్లాప్‌కు పనికిరాదు.

పడడాన్ని పరుగు లేకుండా విడిగా నేర్పాలి. పరుపుకు వీపు పెట్టి నిలబడి, రెండు కాళ్లతో పైకి ఎగిరి, వీపు పైభాగం మీద పడడం మొదటి అభ్యాసం. గడ్డం ఛాతీకి ఆనాలి, చేతులు పక్కలకు పరచుకోవాలి. మోకాళ్ల మధ్య ఎడం ఉండకపోతే అవి వచ్చి ముఖానికి తగులుతాయి. వెనుక చేతులు ఆన్చి ఆపుకోబోతే మణికట్టు, మోచేయి దెబ్బతింటాయి. తల మీదుగా వెనక్కు దొర్లడాన్ని తొలి అభ్యాసకులకు అనుమతించకూడదు.

6. బారు ఎత్తు: ఒక ఉదాహరణ

కత్తెర పద్ధతిలో 1.15 మీటర్లు దాటగల డిగ్రీ విద్యార్థినిని ఉదాహరణగా తీసుకుందాం. ఆమె ఫ్లాప్ అభ్యాసం అంతకంటే 15 సెంటీమీటర్లు తక్కువగా, 1.00 మీటరు వద్ద, బారుకు బదులు సాగే ఎలాస్టిక్ తాడుతో మొదలుకావాలి. తాడు సన్నగా, వదులుగా ఉండాలి. బిగించి కడితే దాని మీద పడిన మనిషితోపాటు స్తంభం కూడా పరుపు మీదకు వస్తుంది. ఒక కొసను బట్టల క్లిప్పుతో మాత్రమే పట్టిస్తే తగిలినప్పుడు ఊడిపోతుంది. ఇనుపగొట్టం, వెదురుకర్ర ఏ దశలోనూ వాడరాదు. 1.00 మీటరు కంటే బాగా దించడంలో అర్థం లేదు, ఎందుకంటే పరుపే 70 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది.

ఎత్తు పెంచడానికి ‘దాటింది’ అన్నది ఆధారం కాకూడదు. నాలుగు దూకుళ్లలో మూడింటికి పాదం గుర్తు మీద పడి, శరీరం పరుపు మధ్యభాగంలో దిగితేనే 5 సెంటీమీటర్లు పెంచడం నేను పాటించే పద్ధతి. పూర్తి పరుగు దూకుళ్లు ఒక పూటకు పన్నెండు, పదిహేను మించితే చివరివాటిలో అలసటే కనిపిస్తుంది.

మన విద్యార్థిని 1.00, 1.05 మీటర్లు చక్కగా దాటింది. తోటివారు చూస్తుండగా ఎత్తును ఒకేసారి 1.20 చేశారు. ఇప్పుడామె పైకి లేస్తుండగానే భుజంతో తాడును తగులుతున్నది. ముగ్గుపిండిలో పాదముద్ర బారుకు 40 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. గుర్తు 80 వద్ద ఉంది. బోధకునికి వెంటనే తోచే చికిత్స పరుగు ప్రారంభాన్ని 40 సెంటీమీటర్లు వెనక్కు జరపడం. చాలాసార్లు అదే చేస్తారు, ఫలితం ఉండదు.

కారణం వలయరేఖ మీది పాదముద్రలలో కనిపిస్తుంది. మొదటి మూడు అడుగులు రేఖ మీదే ఉన్నాయి. చివరి రెండు మాత్రం రేఖ వదిలి తిన్నగా పోయాయి. రెండడుగుల దూరం 2.68 మీటర్లు. 7 మీటర్ల వలయం నుండి అంత దూరం స్పర్శరేఖ వెంబడి పోతే, దూరపు వర్గాన్ని వ్యాసానికి భాగించినట్లుగా, పాదం సుమారు అర మీటరు వలయం బయటకు జరుగుతుంది. బయట అంటే బారు వైపు. ఆ అర మీటరులో బారుకు లంబంగా ఉండే భాగం దాదాపు 40 సెంటీమీటర్లు. పాదముద్ర చూపిన దోషం సరిగ్గా అంతే. అంటే ఆమె పరుగు ప్రారంభంలో తప్పు లేదు. ఎత్తు చూసి, దానిని అందుకోవాలన్న తొందరలో చివరి రెండడుగులలో వక్రాన్ని వదిలింది. వక్రంతోపాటు వాలు పోయింది. వాలు లేకపోవడంతో భ్రమణం కోసం భుజాన్ని బారు వైపు వాల్చింది. దగ్గరగా ఎగరడం, భుజం తగలడం రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

ప్రారంభాన్ని వెనక్కు జరిపితే పాదం గుర్తుకు చేరవచ్చు గాని తిన్నని పరుగు అలాగే ఉండిపోయి అలవాటుగా స్థిరపడుతుంది. సరైన పని తాడును 1.00 మీటరుకు దించి, వలయరేఖకు బయటివైపు, చివరి రెండడుగుల దగ్గర మెత్తని ప్లాస్టిక్ గుర్తులను వరుసగా పెట్టి, వాటిని తాకకుండా రమ్మనడం. టేకాఫ్ గుర్తు మీద మాత్రం ఏ వస్తువూ ఉంచకూడదు. ముద్రలు రేఖ మీదకు తిరిగి వచ్చాక 1.05, ఆపై 1.10 మీటర్లు.

దీనికి భిన్నంగా ఐదు పాదముద్రలూ వలయరేఖ వంపునే అనుసరిస్తూ, మొత్తంగా ఒకే దిశలో జరిగి ఉంటే అప్పుడది నిజంగా గుర్తుల సమస్య. ప్రారంభస్థానాన్ని అంతే దూరం ఎదురుదిశలో జరపవచ్చు. పాదం గుర్తు మీదే పడుతున్నా శరీరం పరుపు ఎడమ అంచుకు చేరుతుంటే, పరుగు దిశ బారుకు మరీ సమాంతరమవుతున్నదని అర్థం. దీనిని సవరించే వరకు ఆ విద్యార్థిని పూర్తి పరుగుతో దూకనివ్వకూడదు. వక్రారంభపు గుర్తును దగ్గరి స్తంభం వైపు అర మీటరు లోపలికి తెచ్చి, మేకును కూడా అంతే దూరం అదే దిశలో జరిపి, కొత్త రేఖ టేకాఫ్ గుర్తు గుండా పోయేలా తాడు పొడవు సరిచూసుకొని, మూడడుగుల కత్తెర దూకుడు నుండి తిరిగి మొదలుపెట్టాలి.